చూపు క్రియలు: పాలమూరు తెలుగులో పాత్ర మనసు

మనిషి చూసే పనిని, చూసే తీరుతో కలిపి చెప్పే మాటలను చూపు క్రియలు అనవచ్చు. తొంగిచూడటం, తేరిపార చూడటం, ఓరకంట చూడటం, ఎగాదిగా చూడటం, మర్లి చూడటం ఇలాంటివి. కథలో పాత్ర ఇంకా నోరు విప్పకముందే దాని భయాన్నో ఆశనో కోపాన్నో పాఠకుడికి అందించే పని ఎక్కువగా వీటిదే. ఈ వ్యాసం వాటిని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల తెలుగు ఆధారంగా పరిశీలిస్తుంది. 2016 అక్టోబరు 11న విడివిడి జిల్లాలు కాకముందు ఈ మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. జనం నోట మాత్రం అప్పుడూ ఇప్పుడూ అంతా పాలమూరే.

భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగునాడును నాలుగు మాండలిక మండలాలుగా విడదీసినప్పుడు తెలంగాణ ఉత్తర మండలమైంది. పాలమూరు అందులోనిదే అయినా ఆ మండలానికి అంచున ఉన్న ప్రాంతం. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, ఆలంపూర్ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. తుంగభద్ర దాటితే కర్నూలు, పడమటికి పోతే రాయచూరు. అందుకే ఇక్కడి మాటలో తెలంగాణ వాడుకతో పాటు సీమ పలుకు, కన్నడపు జాడ కూడా వినిపిస్తాయి. ‘చూచు’ ఇక్కడి నోట ‘సూసు’ అవుతుంది. చూశాడు అన్నచోట ‘సూసిండు’, చూడటం అన్నచోట ‘సూసుడు’, కళ్ళు అన్నచోట ‘కండ్లు’ అంటారు.

క్రియ ఒక్కటే, తీరులు అనేకం

తెలుగు చూపు మాటలన్నిటికీ దాదాపు ఒకటే మూలం, చూచు. పరికించు, వీక్షించు, అవలోకించు వంటి సంస్కృత పుట్టుక మాటలు ఉన్నా అవి పుస్తకాల్లోనివే. వనపర్తి బజార్లో ఎవరూ దేన్నీ అవలోకించరు. మామూలు మనిషి చూసే తీరంతా చూచు ముందు వచ్చే మాటలో ఉంటుంది. రచయిత ఎంచుకోవలసింది కూడా ఆ ముందు మాటనే.

ఆ మాట కొన్నిసార్లు ఒళ్ళు చేసే పనిని చెబుతుంది. తొంగి చూడటంలో మెడ ముందుకు సాగుతుంది. నిక్కి చూడటంలో మడమలు లేస్తాయి. పొంచి చూడటంలో ఒళ్ళు దాక్కుంటుంది. మర్లి చూడటంలో నడుస్తున్న మనిషి వెనక్కి తిరుగుతాడు. కొన్నిసార్లు కంటిలోని భాగాన్నో చూపు దిశనో చెబుతుంది. ఓరకన్ను, క్రీగన్ను, కడగన్ను ఇలాంటివి. మరికొన్నిసార్లు ధ్వనిలోనే భావం పలికే జంట మాట వస్తుంది. కొరకొర, చురచుర, గుడ్లు పెద్దవి చేసి కోపంగా చూసేటప్పటి మిర్రిమిర్రి ఈ కోవకు చెందుతాయి. ఇవన్నీ కోపానివే కానీ ఒకే కోపానివి కావు. కొరకొర చూసేవాడు కోపాన్ని మింగుతున్నాడు. బయటికి అనలేని పరిస్థితిలో ఉన్నాడు. చురచుర చూసేవాళ్ళకు అనే హక్కు ఉంది, ఇప్పుడో ఇంకాసేపట్లోనో అంటారు. మిర్రిమిర్రి చూసేవాడు ఎదుటివాణ్ణి అనకుండానే బెదిరిస్తున్నాడు. కోడలు అత్తను కొరకొర చూస్తుంది, అత్త కోడలిని చురచుర చూస్తుంది. ఈ రెండు మాటలను తారుమారు చేస్తే ఆ ఇంట్లో పెత్తనం ఎవరిదో తారుమారవుతుంది.

చూపు ఎంతసేపు నిలిచిందన్నది ముందు మాటలో కాక క్రియ చివర తెలుస్తుంది. ‘చూసిండు’ అంటే పని అయిపోయింది. ‘చూస్తనే ఉన్నడు’ అంటే ఆపమన్నా ఆపడం లేదు. ‘చూస్తూ ఉండిపోయాడు’ అంటే తనకు తెలియకుండానే నిలిచిపోయాడు. రెప్పపాటు చూపుకు, మైమరచిన చూపుకు వేర్వేరు క్రియలు వెతుక్కోనవసరం లేదు. ‘ఉండిపోవు’ అన్న ఒక్క అనుబంధం ఆ పని చేస్తుంది. కథకులు దీన్ని తక్కువగా వాడుకుంటారని, దానికి బదులు ‘తదేకంగా’ అన్న అరిగిపోయిన మాటను ఎక్కువగా వాడతారని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

చూడకపోవడాన్ని కూడా ఇక్కడే లెక్కలోకి తీసుకోవాలి. కన్నెత్తి చూడలేదు, తిరిగి చూడలేదు, మొగం చూడబుద్ధి కాలేదు, చూసీ చూడనట్టు పోయిండు. తెలుగు సంసారాల్లోని పెద్ద పగలన్నీ ఈ వ్యతిరేక రూపాల్లోనే నడుస్తాయి. ‘కన్నెత్తి చూడలేదు’ అన్నదానికి రెండు అర్థాలు ఉండటం గమనించాలి. పెళ్ళికూతురు కన్నెత్తి చూడలేదంటే సిగ్గు. ఆస్తి పంచుకున్న అన్న తమ్ముడి ఇంటివైపు కన్నెత్తి చూడలేదంటే తెగతెంపులు. క్రియ ఏమీ మారదు, చూడవలసిన వస్తువు మారుతుంది.

మాటలోనే ఇమిడిన పరిస్థితి

ప్రతి చూపు మాటకూ తనదైన పరిస్థితి ఒకటి ఉంటుంది. అది లేనిచోట ఆ మాటను పెడితే చదివేవాడికి ఎక్కడో తప్పు తగులుతుంది, ఎక్కడో చెప్పలేకపోవచ్చు.

తొంగిచూడాలంటే నడుమ అడ్డం ఉండాలి. తలుపు, గోడ, బావి ఒర, ఎదుటివాడి భుజం, ఏదో ఒకటి. ఆరుబయట నిలబడ్డ మనిషి ఆరుబయటి దాన్ని తొంగిచూడలేడు. అడ్డం ఉందంటే చూసేవాడికి అవతల పూర్తి హక్కు లేదని అర్థం. అందుకే తొంగిచూడటంలో కుతూహలం ఎంత ఉంటుందో జంకు అంత ఉంటుంది. పిల్లలు, కొత్త కోడళ్ళు, అప్పు అడగడానికి వచ్చినవాళ్ళు తొంగిచూస్తారు. ఇంటి యజమాని తన ఇంట్లోకి తాను తొంగిచూశాడని రాస్తే ఆ ఇంట్లో ఏదో జరిగిందని పాఠకుడు సరిగానే అనుమానిస్తాడు. సాధారణంగా తప్పనిపించే వాడుక అక్కడ కథకు పనికొస్తుంది.

ఎగాదిగా చూడాలంటే ఎదుట నిలువెత్తు మనిషి ఉండాలి. తల నుంచి కాళ్ళ వరకు, కాళ్ళ నుంచి తల వరకు చూపు నడవాలి. దాంట్లో తూకం వేసే గుణం ఉంది. బట్టలు, చెప్పులు, చేతిలోని సంచి అన్నీ లెక్కకొస్తాయి. కింది మనిషి పైమనిషిని ఎగాదిగా చూడడు, చూస్తే అది తిరుగుబాటే. నిజాం రాజ్యంలో గిర్దావరు ముందు నిలబడిన రైతు ఎటు చూస్తాడు, గిర్దావరు రైతును ఎలా చూస్తాడు అన్నది ఈ ప్రాంతం పెద్దలకు ఎవరూ నేర్పనక్కరలేని వ్యాకరణం. గద్వాల సంస్థానపు ఇటికాలపాడు సురవరం ప్రతాపరెడ్డి ఊరు. 1896లో పుట్టి, 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టి, 1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన ఆయన సర్కారు నౌకర్ల దర్పాన్ని దగ్గరగా చూసినవాడు. ఆయన మొగలాయి కథలు చదివేటప్పుడు అధికారి ఎవరిని ఎటునుంచి చూస్తున్నాడో గమనించుకుంటూ పోతే వ్యంగ్యం ఇంకా బాగా అందుతుంది.

గుడ్లప్పగించి చూడటం మరో రకం. చూసేవాడు తన కళ్ళను ఎదుటి దృశ్యానికి అప్పజెప్పేశాడు, తెలివి ఎటో పోయింది. ఇందులో కథ చెప్పేవాడి తీర్పు కలిసి ఉంటుంది. ‘రెప్ప వాల్చకుండా చూసింది’ అంటే కథకుడు ఆమె పక్షాన ఉన్నాడు. ‘గుడ్లప్పగించి చూసింది’ అంటే ఆమెను కాస్త వెక్కిరిస్తున్నాడు. చూపు ఒకటే, చెప్పేవాడు మారాడు. ఉత్తమ పురుషలో ‘నేను గుడ్లప్పగించి చూశాను’ అని రాస్తే తనను తాను వెక్కిరించుకోవడమే అవుతుంది. అది తెలిసి రాస్తే బాగుంటుంది, తెలియక రాస్తే పాత్ర పలచనవుతుంది.

మర్లి చూసుడు ఈ నేల మాట. పోతూ పోతూ వెనక్కి తిరిగి చూడటం. అత్తగారింటికి పోయే ఆడబిడ్డ, పాడుబడిన ఇంటికి తాళం వేసి పట్నం పోయే కుటుంబం, సంతలో అమ్మిన ఎద్దును వదిలి వచ్చే రైతు మర్లి చూస్తారు. ఒక్కసారి మర్లి చూడటానికి, మర్లి మర్లి చూడటానికి తేడా ఉంది. ఒక్కసారి అంటే నిర్ణయం అయిపోయింది. మర్లి మర్లి అంటే ఇంకా కాలేదు. ‘మర్లి సూడకుంట పోయిండు’ అంటే కోపమూ కావచ్చు, చూస్తే ఆగిపోతానన్న భయమూ కావచ్చు. ఏదన్నది రచయిత చెప్పనవసరం లేదు. ఆ మనిషి అంతకుముందు ఏం చేశాడో చూపిస్తే చాలు.

ఆస్థానం, గుడి, రంగస్థలం

చూపుకు శాస్త్రం రాసినవాళ్ళు మొదట నాట్యంవాళ్ళు. భరతుడి నాట్యశాస్త్రం ముప్పైఆరు దృష్టులను చెప్పింది. నందికేశ్వరుడి పేరున ఉన్న అభినయదర్పణం వాటిని ఎనిమిదికి కుదించింది. సమ, ఆలోకిత, సాచీ, ప్రలోకిత, నిమీలిత, ఉల్లోకిత, అనువృత్త, అవలోకిత. ఇందులో సాచీ అంటే తల కదపకుండా కంటికొసతో చూడటం. మన ఓరకంటి చూపు అదే. అవలోకితం కింది చూపు, ఉల్లోకితం పై చూపు. అనువృత్తం కన్ను వేగంగా పైకీ కిందికీ పోవడం. ఎగాదిగాలో కదలిక దానికి దగ్గరే అయినా అందులోని పెత్తనం శాస్త్రంలో లేదు. శాస్త్రం కంటి కదలికను చెప్పి, భావాన్ని సందర్భానికి వదిలిపెట్టింది. వచనం రాసేవాడు దీని నుంచి తీసుకోదగ్గది ఈ పద్ధతినే. ముందు కన్ను ఏం చేసిందో చెప్పాలి, ఎందుకు చేసిందో తర్వాత సంగతి.

కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో, జాయప సేనాని నాట్యం మీదే నృత్తరత్నావళి రాశాడు. ఆ శతాబ్దంలోనే వర్ధమానపురాన్ని ఏలిన గోన వంశంలోని బుద్ధారెడ్డి పేరున రంగనాథ రామాయణం వెలువడింది. వర్ధమానపురమంటే నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని నందివడ్డెమాన్. ఆ కావ్యం ద్విపద. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, అంతే చోటు. పాడుకోవడానికి రాసిన ఆ ఇరుకు పాదంలో చూపును వర్ణిస్తూ కూర్చోవడం కుదరదు. కనుగొని, కనుగవ విచ్చి, కన్నులెర్ర చేసి వంటి పొట్టి పలుకుబళ్ళు ద్విపద కవులకు ఎంత అవసరమో ఆ నడక చూస్తేనే అర్థమవుతుంది. నేటి కథలో చిన్న వాక్యం రాసేవాడి ఇబ్బంది కూడా అదే.

ఆ తర్వాతి కాలంలో గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు కవులను పోషించాయి. పండితుల రాకపోకల వల్ల గద్వాలకు విద్వద్గద్వాల అని పేరే వచ్చింది. తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి ఆస్థానాలకు వెళ్ళారు. ఆ ఆస్థానాల భాషలో ఒక చూపు మాటకు డబ్బు విలువ ఉండేది. అది కటాక్షం. శబ్దార్థం కంటి కొసచూపు. శృంగారంలో నాయిక కటాక్షం వలపుకు గుర్తు. ఆస్థానంలో రాజు కటాక్షం వర్షాశనానికి, శాలువాకు, అగ్రహారానికి గుర్తు. ప్రభువు నిండుగా కూడా చూడనక్కర లేదు, కంటి చివర పడితే చాలు అన్న దూరం ఆ మాటలోనే ఉంది. ఊరి జనం తమ దేవతను అడిగే చూపు వేరు. ఆలంపూరు జోగుళాంబనైనా పొలిమేర మైసమ్మనైనా ‘సల్లంగ సూడు తల్లీ’ అంటారు. అది కంటికొస చూపు కాదు. ముఖం తిప్పి నిండుగా చూడమని అడగడం. ఒక పాత్ర దేవుణ్ణి కటాక్షం అడుగుతుందా, సల్లని సూపు అడుగుతుందా అన్నదాన్ని బట్టి ఆ పాత్ర చదువు, కులం, ఊరు చాలావరకు తెలిసిపోతాయి.

ఒక చీర, ముగ్గురి చూపులు

గద్వాల చీర ఒళ్ళు నూలు, అంచులూ కొంగూ పట్టు. ఈ రెంటినీ కుప్పడం పద్ధతిలో మగ్గం మీదే పోగుపోగుకూ కొక్కెం వేసినట్టు కలుపుతారు. చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలు, పట్టు, జరీ ఆసామి ఇస్తాడు. నేతగాడు నేసి చీర తెచ్చి ఇస్తే కూలి ఇస్తాడు. ఇచ్చేముందు చీర విప్పి చూస్తాడు. అంచు, ఒళ్ళు కలిసేచోట కలయిక వదులైతే వెలుతురుకు పట్టినప్పుడు సందులు కనిపిస్తాయి. పోగు తప్పినా, మరక పడినా కూలి తగ్గుతుంది. చూపు మీద కూలి ఆధారపడిన చోటు కాబట్టి చూపు క్రియల పరీక్షకు ఇది మంచి ఘట్టం. కింద ఉన్నది ఈ వ్యాసం కోసం అల్లిన సన్నివేశం. మొదట ఏ తీరూ లేకుండా:

నేతాయన చీర తీసుకొని ఆసామి ఇంటికి పోయిండు. ఆసామి చీరను చూసిండు. నేతాయన ఆసామిని చూసిండు. లోపలి నుంచి ఆసామి కోడలు చూసింది. “ఇది నువ్వే నేసినవా అప్పా?” అన్నడు ఆసామి.

ఇందులో ఎవరి మనసూ తెలియదు. ఆసామి ప్రశ్న మెచ్చుకోలో అనుమానమో కూడా తెలియదు. కొత్తగా రాసేవాళ్ళు ఇక్కడ సాధారణంగా చేసే పని ‘అనుమానంగా చూసిండు, భయంగా చూసిండు, జాలిగా చూసింది’ అని మూడు మాటలు అతికించడం. అతికించి చూడండి, భావాల పేర్లు తెలిశాయి తప్ప మనుషులు కనిపించలేదు. దానికి బదులు మొదట ఆసామి చూపును తీసుకుందాం. అతను వ్యాపారి, చీరను పట్టి పట్టి చూస్తాడు. అంచు మొదలు పట్టుకొని బెత్తెడు బెత్తెడు జరుపుతూ వెలుతురుకు ఎత్తుతాడు. అది అతని పని, అందులో అవమానం లేదు. కానీ చీర మీది చూపును మనిషి మీదికి తిప్పి ఎగాదిగా చూశాడంటే సంగతి మారుతుంది. ఇప్పుడు పరీక్ష చీరకు కాదు, మనిషికి.

నేతాయన చూపు ఎటు? చీర మీద ఉండదు. ఆ చీర అతనికి కళ్ళు మూసుకున్నా తెలుసు. ఆసామి ముఖం మీద కూడా ఉండదు, అంత చనువు లేదు. అతను ఆసామి వేళ్ళను చూస్తాడు. వేలు ఎక్కడ ఆగిందో అక్కడ తప్పు దొరికింది. చూసే తీరు గురించి ఒక్క మాట రాయకపోయినా ఏం చూస్తున్నాడో రాయడంతో భయం వచ్చేసింది. ఈ ఘట్టం నుంచి తీసుకోదగిన ముఖ్య విషయం ఇదే. చాలాసార్లు చూపు తీరు కంటే చూపు వాలిన చోటే మనసును ఎక్కువగా పట్టిస్తుంది.

కోడలు తలుపు సందులోంచి తొంగిచూస్తే ఆమెకు ఈ వ్యవహారంలో హక్కు లేదు. గడపలో నిలబడి చూస్తే ఉంది. ఆమె పుట్టిల్లు కూడా మగ్గమున్న ఇల్లే అనుకుందాం. అప్పుడు ఆమె తొంగిచూసి, చీరను చూసి, మామ ముఖాన్ని చూడకుండా లోపలికి పోతుంది. మూడు చిన్న పనులు, భావం పేరు ఒక్కటీ లేదు.

ఆసామి చీరను వెలుతురుకు ఎత్తి అంచు వెంట పట్టి పట్టి చూస్తున్నడు. నేతాయన చూపు ఆ వేళ్ళ వెంబడే నడుస్తున్నది. కొంగు కాడ వేళ్ళు ఆగినయి. తలుపు సందులోంచి కోడలు తొంగిచూసింది. ఆసామి చీర కిందికి దించి ఆయనను ఎగాదిగా చూసిండు. “ఇది నువ్వే నేసినవా అప్పా?”

“నేనే సేటూ” అన్నడు నేతాయన, నేల దిక్కు చూసుకుంట.

ప్రశ్న ఇప్పుడు అనుమానమని ఎవరికీ చెప్పనక్కర లేదు. ఇక చివరి చూపు ఒక్కటి మార్చి చూద్దాం. “నేనే సేటూ” అన్నడు నేతాయన, ఆసామిని తేరిపార చూసి. తేరిపార చూడటమంటే తడబాటు లేకుండా కళ్ళలోకి నిండుగా చూడటం. అంతే, కథ మరో దారి పట్టింది. మొదటి రూపంలో నేసింది బహుశా అతని భార్యో కొడుకో కావచ్చు, దాస్తున్నాడు. రెండో రూపంలో అతను నిజమే చెబుతున్నాడు, పైగా ఇకముందు ఈ గడపకు రాకపోవచ్చు. మాటలు మారలేదు, చీర మారలేదు.

మొగులు దిక్కు, తొవ్వ దిక్కు

వాన తక్కువ నేల కాబట్టి పాలమూరులో చూపుకు ఎదురుచూపు అన్న అర్థం బలంగా ఉంది. మొగులు అంటే మబ్బు. మొగులు దిక్కు చూసుడు అంటే వానకోసం ఎదురుచూడటం. కథలో రైతు మొగులు దిక్కు చూశాడంటే వాతావరణ వర్ణన అవసరం లేదు, అప్పు వర్ణన కూడా దాదాపు అవసరం లేదు. అయితే అరచెయ్యి నొసటికి అడ్డం పెట్టి చూస్తే ఇంకా ఆశ ఉంది, మబ్బును వెతుకుతున్నాడు. తల ఎత్తి ఊరికే చూసి దించుకుంటే ఆశ అయిపోయింది, అలవాటు మిగిలింది.

ఇంకోటి తొవ్వ చూసుడు. పాలమూరు కూలీలు ఆనకట్టలు, కాలువల పనులకు దేశమంతా పోయినవాళ్ళు. మేస్త్రీ ముందుగా ఇచ్చిన పైసలు పట్టుకొని జంటలుగా వెళ్ళి నెలల తర్వాత తిరిగొచ్చేవారు. ఊళ్ళో మిగిలిన ముసలివాళ్ళు, పిల్లలు తొవ్వ చూసేవాళ్ళు. ఇక్కడ చూపుకు ఎదుట వస్తువు లేదు, ఖాళీ దారే ఉంది. ఇలాంటి చూపును రాసేటప్పుడు ‘శూన్యంలోకి చూస్తూ’ అన్న పడికట్టు మాట తొందరగా చేతికొస్తుంది. అది వద్దు. ముసలామె శూన్యంలోకి చూడదు. రోడ్డు మలుపు దగ్గరి చింతచెట్టు దిక్కో, బస్సు దిగే మనుషుల కాళ్ళ దిక్కో చూస్తుంది. ఆమె కంటిచూపు తగ్గిందనుకుంటే ముఖాలు ఆనవు, నడకను బట్టి కొడుకును గుర్తుపడుతుంది.

ఎక్కడ చెడుతుంది

చూపు క్రియలు చెడటానికి మొదటి కారణం పైన చూసిన ‘-గా’ చేర్పు. కోపంగా, ప్రేమగా, ఆశ్చర్యంగా చూశాడని రాయడం తప్పు కాదు. కానీ పేజీకి నాలుగైదుసార్లు వస్తే పాత్రలందరికీ ఒకే జత కళ్ళున్నట్టు ఉంటుంది. పరీక్ష సులువే. ఆ వాక్యాన్ని వీధి భాగోతం వేసే వేషగాడికి ఇచ్చి చేయమంటే ఏం చేస్తాడో ఊహించుకోవాలి. ‘ప్రేమగా చూడు’ అంటే ఎలా అని అడుగుతాడు. ‘ఓరకంట చూసి రెప్పలు దించు’ అంటే వెంటనే చేస్తాడు.

రెండోది చూపులు మరీ ఎక్కువ కావడం. మాటామాటా మధ్య ఇతను అతన్ని చూశాడు, అతను ఇతన్ని చూశాడు అని రాస్తూ పోతే సంభాషణ నడవదు. ఒక సన్నివేశంలో తీరు చెప్పిన చూపు ఒకటో రెండో చాలు, మిగిలినవి తీసేయవచ్చు. పై చీర ఘట్టంలో అన్ని చూపులు నిలబడ్డాయంటే అక్కడ జరుగుతున్న పనే చూడటం కాబట్టి.

మూడోది దృష్టికోణం. కథ ఒక పాత్ర మనసులోంచి నడుస్తున్నప్పుడు ఆ పాత్ర తన చూపును బయటినుంచి చూడలేదు. ‘నేను బిత్తరచూపులు చూశాను’ అని ఉత్తమ పురుషలో రాస్తే నమ్మబుద్ధి కాదు. బిత్తరచూపు ఎదుటివాళ్ళకు కనిపించేది. బిత్తరపోయినవాడికి తెలిసేది తన కంటికి ఏదీ ఆనడం లేదని, తలుపు ఎటుందో తెలియడం లేదని. అదే రాయాలి.

నాలుగోది యాసల కలగలుపు. సంభాషణ పాలమూరు మాటలో పెట్టి కథనంలో ‘వీక్షించెను’ అంటే నవ్వొస్తుంది. కానీ దానికి విరుగుడుగా కథనమంతా ‘సూసిండు’లతో నింపడం కూడా అన్నివేళలా పనిచేయదు. కథ చెప్పేవాడు ఊరివాడైతే సూసిండు అనవచ్చు, ఊరు విడిచి చదువుకొని వచ్చినవాడైతే చూశాడు అనవచ్చు. రెండూ ఒకే పేరాలో ఒకే కథకుడి నోట వస్తేనే చిక్కు.

చూపు దాటిన అర్థాలు

చూచు క్రియ చూడటంతో ఆగదు. చూసుకొను అంటే పోషించడం. ‘ముసల్దాన్ని ఎవరు సూసుకుంటరు’ అన్న ప్రశ్నలో కంటితో పనేమీ లేదు. చేసి చూడు అంటే ప్రయత్నించు. చిన్నచూపు అవమానం. పెళ్ళిచూపులు ఒక తంతు, అందులో అందరూ ఎగాదిగా చూడవచ్చు, పిల్ల ఒక్కతీ తప్ప. నిజాం కాలం నుంచి ఉర్దూ కలిసిన ప్రాంతం కావడంతో నజర్ కూడా జనం మాటే అయింది. చంటిపిల్లకు నజర్ తగిలిందంటే దిష్టి తగిలిందని. పొలం మీద నజర్ పెట్టిండంటే కాజేయాలని చూస్తున్నాడని. చూపు అనే అర్థమున్న ఫారసీ నిగాహ్ తెలుగులో నిఘా అయి పోలీసువాళ్ళ మాటగా స్థిరపడింది. నజర్ పెట్టినవాడికి సొంత ఆశ ఉంటుంది, నిఘా పెట్టినవాడి వెనక సర్కారు ఉంటుంది. ఒక పాత్ర పక్కింటివాడు తన మీద ‘నిఘా పెట్టిండు’ అందంటే, ఆ మనిషి ఎప్పుడో ఒకసారి ఠాణా మెట్లు ఎక్కి ఉండాలి, లేదా పేపరు బాగా చదువుతూ ఉండాలి.